"అన్నా, సార్‌కి ఒక్క మాట చెప్పవా" అంటే పని ఎందుకు జరగదు: పరిచయం అడిగే తీరు, ఫార్వర్డ్ చేసే మెసేజ్

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇద్దరం కలిసి చిన్న సర్వీస్ కంపెనీ నడుపుతున్నాం. ఫ్యాక్టరీల్లో కంప్రెస్డ్ ఎయిర్ లీకులు వెతికి చూపించే పని. ఇప్పటికి మూడు ప్లాంట్లలో చేశాం. పాశమైలారం వైపు ఒక మందుల కంపెనీ ప్లాంట్ హెడ్‌ని కలవాలి. మా కాలేజీ సీనియర్ అదే ప్లాంట్‌లో క్వాలిటీలో ఉన్నాడు. "ఒకసారి సార్‌కి చెప్పన్నా" అంటే "చెప్తాలేరా" అన్నాడు. రెండు నెలలైంది. మళ్ళీ అడగాలంటే మొహమాటంగా ఉంది. ఎలా అడగాలి? ఆయన నేరుగా ఫార్వర్డ్ చేసేలా మెసేజ్ ఎలా రాయాలి?

సమాధానం:

మీ సీనియర్‌ని తప్పు పట్టకండి. "సార్‌కి చెప్పన్నా" అన్నప్పుడు ఒక్క పని అడిగానని మీరనుకున్నారు. ఆయన నెత్తిన పడ్డవి మూడు. మీరు చేసే పనేంటో ఆయనే మాటల్లో పెట్టాలి. సార్ తిరిగి అడిగేవాటికి ఆయనే జవాబు చెప్పాలి. రేపు మీ పని బాగోకపోతే మాట పడేదీ ఆయనే. పైగా క్వాలిటీలో ఉన్న మనిషి కంప్రెసర్ల గురించి ప్లాంట్ హెడ్ దగ్గర నోరు విప్పడమంటే పక్కింటి కూరలో ఉప్పు గురించి మాట్లాడినట్టే. వద్దని మీ మొహం మీద అనలేక "చెప్తాలే" అన్నాడు. మన దగ్గర ఆ మాటకి చాలాసార్లు "చెప్పను" అనే అర్థం.

నేను పద్దెనిమిదేళ్లు ఫ్యాక్టరీల్లో యుటిలిటీస్, అంటే కరెంటు, ఆవిరి, కంప్రెస్డ్ ఎయిర్ లాంటివి, చూశాను. అందులో చివరి ఆరేళ్లు ఇంజినీరింగ్ హెడ్‌ని. తర్వాత బయటికొచ్చి నేనూ మీలాగే సర్వీస్ అమ్ముకున్నాను. ఇలాంటి ఫార్వర్డులు అందుకున్నాను, పంపాను, పంపమని బతిమాలాను. కాబట్టి ముందు అందుకునే కుర్చీలోంచి చెప్తాను.

ఆ కుర్చీలో ఉన్నవాడికి పరిచయాలు రెండు రకాలుగా వస్తాయి. మొదటిది, "మనవాడేనండీ, కొంచెం చూడండి." దీనికి నేనేం చేసేవాణ్నంటే, గేటు పాస్ ఇప్పించి, టీ తెప్పించి, పది నిమిషాలు విని, కార్డు తీసుకుని, "పర్చేజ్‌లో వెండర్ రిజిస్ట్రేషన్ చేసుకోండి, అవసరమైతే పిలుస్తాం" అనేవాణ్ని. పంపినవాడి గౌరవం నిలబడింది, వచ్చినవాడికి మర్యాద దక్కింది, పని మాత్రం అక్కడే ఆగిపోయింది. ఆ పది నిమిషాలూ నేను ఇచ్చింది పంపినవాడికి, వచ్చినవాడికి కాదు. రెండో రకం, "వీళ్లు పక్క ప్లాంట్‌లో ఫలానా పని చేశారట, అంకెలు కింద ఉన్నాయి, పనికొస్తుందేమో చూడండి." ఇలా వస్తే అంకెలు చదివి, మా యుటిలిటీస్ కుర్రాణ్ని పిలిచి "మన దగ్గర ఎంతుంది?" అని అడిగేవాణ్ని. అక్కణ్నుంచి అది మా పని అయిపోతుంది. మీ సీనియర్ చేత పంపించాల్సింది ఈ రెండోదే. ఆయన తనంతట తాను రాయడు, రాయలేడు కూడా. అది మీరే రాసివ్వాలి.

రాసే ముందు ఒక సంగతి తేల్చుకోండి. ప్లాంట్ హెడ్ దగ్గరికే ఎందుకు? సంతకం ఆయనదే, నిజమే. కానీ లీకుల పని ఇంజినీరింగ్ హెడ్ పరిధిలోది, మెయింటెనెన్స్ బడ్జెట్ ఆయన చేతిలో ఉంటుంది. ప్లాంట్ హెడ్ మిమ్మల్ని పైనుంచి కిందికి పంపిస్తే, ఇంజినీరింగ్ హెడ్ చెవికి అది "మీ దగ్గర గాలి కారిపోతోందట, బయటివాళ్లు వచ్చి చెప్తున్నారు" అన్నట్టు వినపడుతుంది. నాకు అలా వచ్చినవాళ్లలో ఒక్కరికీ నేను మనస్ఫూర్తిగా సాయం చేయలేదు, దాచుకోకుండా చెప్తున్నాను. కాదనడానికి కారణాలు వెతకడం ఆ కుర్చీలో చాలా తేలిక. అదే ఇంజినీరింగ్ హెడ్ దగ్గర మొదలైతే, పొదుపు ఆయన లెక్కలో పడుతుంది, ప్లాంట్ హెడ్ దగ్గరికి ఆయనే తీసుకెళ్తాడు.

ఇది మీ సీనియర్‌కీ తేలిక. క్వాలిటీవాళ్లకి ప్లాంట్ హెడ్ పెద్దమనిషి, ఇంజినీరింగ్ హెడ్ మాత్రం డీవియేషన్ల దగ్గర, ఆడిట్ల దగ్గర ఎప్పుడూ ఎదురుపడే మనిషి. సార్‌కి మెసేజ్ పెట్టాలంటే చెయ్యి ఆడనివాడు ఈయనకి నిమిషంలో పెట్టేస్తాడు.

అయితే అంత పరిచయం నిజంగా ఉందో లేదో కనుక్కోండి. ఒకే ప్లాంట్ కదా అనో, లింక్డ్‌ఇన్‌లో ఇద్దరి మధ్యా గీత కనిపించిందనో నమ్మేయొద్దు. నేనైతే ఒక్కటే అడుగుతాను: "ఆయనకి నువ్వు మెసేజ్ పెడితే తిరిగి రాస్తారా?" అవునంటే ఆ దారి పనికొస్తుంది. "ఎదురుపడితే నవ్వుతారు" అంటే పనికిరాదు. అప్పుడు ఆ ప్లాంట్‌కి పనిచేసిన కంప్రెసర్ సర్వీస్ ఇంజినీర్‌నో, మీరు ఇంతకుముందు చేసిన మూడు ప్లాంట్ల ఇంజినీరింగ్ వాళ్లనో అడగండి. ఈ రంగంలో ఒక ఇంజినీరింగ్ హెడ్ నంబరు ఇంకో ఇంజినీరింగ్ హెడ్ ఫోన్‌లో ఉంటుంది. మీ పని కళ్లారా చూసినవాడు చెప్పే మాటకి మీ సీనియర్ మాట కన్నా బరువెక్కువ. నిజానికి మీరు మొదట వెళ్లాల్సింది అక్కడికే. సరే, సీనియర్ విషయానికొద్దాం.

ఆయనకి రెండు మెసేజ్‌లు వెళ్లాలి, విడివిడిగా. ఒకటి ఆయన కోసం, రెండోది ఫార్వర్డ్ కోసం. చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. "అన్నా ఎలా ఉన్నావ్, వదినా పిల్లలూ బాగున్నారా" అని మొదలుపెట్టి, మధ్యలో కంపెనీ సంగతులు చెప్పి, చివర "ప్లీజ్ అన్నా" అని ముగిస్తారు. దాన్ని ఆయన ఎవరికీ పంపలేడు. కత్తిరించి, సరిచేసి, మళ్ళీ రాయాలి. సాయంత్రం చేద్దాంలే అనుకుంటాడు, అక్కడితో సరి.

మొదటి మెసేజ్ ఇలా ఉండొచ్చు:

> అన్నా, రెండు నెలల కింద సార్‌కి చెప్పమని అడిగాను కదా. ఏం చెప్పాలో ఇవ్వకుండానే అడిగాను, తప్పు నాదే. ఆలోచిస్తే మేం కలవాల్సింది మీ ఇంజినీరింగ్ హెడ్‌ని అనిపించింది. ఆయనతో నీకు మాట్లాడేంత పరిచయం ఉందా? ఉంటే కింద ఒక మెసేజ్ పెడుతున్నా, చదువు. ఆయనకి పనికొస్తుందని నీకనిపిస్తే "ఇది పంపనా" అని ముందు ఆయన్ని అడిగి పంపు. నా గురించి హామీ ఏమీ ఇవ్వక్కర్లేదు, కాలేజీలో జూనియర్ అని చెప్తే చాలు. నీ డిపార్ట్‌మెంట్ కాదు కాబట్టి ఇబ్బందిగా ఉంటే "వద్దురా" అనెయ్. వేరే దారి చూసుకుంటా, ఏమీ అనుకోను.

ఇందులో రెండు చోట్ల ఆగి చూడండి. చివరి వాక్యాలు మర్యాద కోసం పెట్టినవి కావు. కాదనే వీలు ఇవ్వకపోతే మొహమాటం ఉన్న మనిషి ఔననడు, నాన్చుతాడు. వద్దనే మాట మీరే ఆయన నోటికి అందిస్తే, వద్దన్నా మీకు మేలే, రెండు నెలలు మిగులుతాయి. ఇక "ముందు ఆయన్ని అడిగి పంపు" అన్న మాట. అడక్కుండా ఇద్దర్నీ ఒకే గ్రూపులో పడేసి "మీరు మీరు మాట్లాడుకోండి" అంటే అవతలివాడు ఇరుక్కుంటాడు. జవాబు ఇస్తే టైమ్ పోతుంది, ఇవ్వకపోతే సాటి ఉద్యోగి దగ్గర చెడ్డవాడవుతాడు. అలా ఇరికించినవాడి మెసేజ్ ఇంకోసారి తెరవబుద్ధి కాదు. రెండు వైపులా అడిగి కలపడానికి ఒక రోజు ఎక్కువ పడుతుంది, అంతే.

ఇప్పుడు ఫార్వర్డ్ మెసేజ్. అంకెలు నేను ఊహించి వేశాను, మీ కాగితాల్లోవి పెట్టుకోండి. ఈ రంగం కొత్తవాళ్లకి, సీఎఫ్ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అన్న కొలత.

> (సీనియర్ పేరు) గారూ,
>
> మీ ఇంజినీరింగ్ హెడ్ గారితో 15 నిమిషాలు ఫోన్‌లో మాట్లాడే వీలుంటుందేమో కనుక్కోగలరా?
>
> మేం ఫ్యాక్టరీల్లో కంప్రెస్డ్ ఎయిర్ లీకులు వెతికి, ఒక్కోదానికి ట్యాగ్ కట్టి, ఎంత పోతోందో కొలిచి ఇస్తాం. ఈ ఏడాది రెండు 500 సీఎఫ్ఎం స్క్రూ కంప్రెసర్లున్న ఒక ఫార్ములేషన్ ప్లాంట్‌లో చేశాం. సెలవు రోజు కొలిస్తే లీకేజీ 260 సీఎఫ్ఎం ఉంది. వాళ్ల మెయింటెనెన్స్ టీమ్ సరిచేశాక 110కి వచ్చింది. కంప్రెసర్ మీటర్ రోజుకి సగటున 3,100 యూనిట్ల నుంచి 2,650కి తగ్గింది. ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు తీసిన సగటు ఇది. ప్రొడక్షన్ ఇంచుమించు ఒకేలా ఉంది.
>
> మీ కంపెనీ వార్షిక నివేదికలో విద్యుత్ పొదుపు చర్యల కింద చిల్లర్లు, లైటింగ్ కనిపించాయి, కంప్రెస్డ్ ఎయిర్ కనిపించలేదు. అందుకే అడుగుతున్నాను.
>
> వెతకడానికి లైన్లు ఆపక్కర్లేదు. ప్రొడక్ట్‌కి తగిలే గాలి లైన్ల మీద మేం చెయ్యి వెయ్యం. అక్కడ లీక్ కనిపిస్తే రాసి ఇస్తాం, మిగతాది మీ పద్ధతి ప్రకారం మీవాళ్లే చూసుకుంటారు.
>
> వారికి తీరిక లేకపోతే యుటిలిటీస్ చూసేవారి పేరు చెప్పినా చాలు. ఇప్పుడు అవసరం లేదన్నా ఫర్వాలేదు.
>
> (మీ పూర్తి పేరు, కంపెనీ పేరు, ఫోన్ నంబరు)

ముందు పిలుపు చూడండి. మీరు ఆయన్ని "అన్నా, నువ్వు" అంటారు. ఇక్కడ "గారూ, మీరు" వచ్చింది. ఇది మూడో మనిషి కళ్లబడే కాగితం. "అన్నా" అని ఉంటే చదివేవాడికి మొదటి పదంలోనే "ఓహో, వీళ్ల కుర్రాడన్నమాట" అని తెలిసిపోతుంది, పైన చెప్పిన మొదటి రకం పరిచయంలోకి జారిపోతుంది. అలాగని నేరుగా ఇంజినీరింగ్ హెడ్‌నే సంబోధిస్తూ రాయొద్దు. అప్పుడు మీ సీనియర్ ఉత్తరాలు మోసేవాడిలా కనిపిస్తాడు. సీనియర్‌కి రాసినట్టుండాలి, ఆయన పక్కమనిషికి చూపించినట్టుండాలి.

అడిగేది పిలుపు తర్వాత మొదటి వాక్యంలోనే వచ్చేసింది. చదివేవాడు "ఇంతకీ నన్నేం చెయ్యమంటాడు?" అనుకుంటూ కింది దాకా రాకూడదు. అడిగింది చిన్నది: పదిహేను నిమిషాల ఫోన్. "ఒకసారి ప్లాంట్‌కి వచ్చి ప్రెజెంటేషన్ ఇస్తాం" అంటే గేటు పాస్, మీటింగ్ రూమ్, నలుగురిని కూర్చోబెట్టడం, ఇవన్నీ ఆయన కళ్ల ముందు తిరుగుతాయి.

ఇక అంకెలు. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. లీకులు 150 సీఎఫ్ఎం తగ్గాయి కదా అని, మీవాళ్లు వంద సీఎఫ్ఎంకి దాదాపు 17 కిలోవాట్లు వేసుకుని, పాతిక కిలోవాట్లు మిగిలాయని, రోజుకి 600 యూనిట్లని, దాన్ని రూపాయల్లోకి మార్చి "ఏడాదికి ఇన్ని లక్షలు ఆదా" అని రాసేస్తారు. ఇంజినీరింగ్ హెడ్ అక్కడే ఆగిపోతాడు. స్క్రూ కంప్రెసర్ గాలి ఇవ్వకుండా అన్‌లోడ్‌లో తిరుగుతున్నా ఫుల్ లోడ్ కరెంటులో దాదాపు పావు నుంచి మూడో వంతు దాకా తాగుతూనే ఉంటుందని ఆయనకి తెలుసు. అందుకే లెక్కలో 600 వచ్చినచోట మీటర్ మీద 450యే కనిపిస్తుంది. చిన్న అంకెనే రాయండి. మీరు మీటర్ అంకెకీ కాగితం లెక్కకీ తేడా తెలిసినవాళ్లని ఆ ఒక్క వాక్యం చెప్తుంది. రూపాయల లెక్క ఆయనకే వదిలెయ్యండి. తన యూనిట్ రేటు ఆయనకి నోటికొచ్చు, చదువుతూనే గుణించేసుకుంటాడు.

ఫోన్ దొరికితే ఆయన మొదట అడిగేది "260 ఎలా కొలిచారు?" అని. సెలవు రోజు గాలి వాడకమేదీ లేకుండా ఒక్క 500 కంప్రెసర్ తిప్పి, లోడ్‌లో ఎన్ని సెకన్లు, అన్‌లోడ్‌లో ఎన్ని సెకన్లు ఉందో చూశామని చెప్పాలి. లోడ్ 78, అన్‌లోడ్ 72 అయితే మొత్తం 150లో 78 అంటే 52 శాతం, 500 మీద 260. కొన్ని సైకిళ్ల సగటు తీసుకున్నామని కూడా చెప్పండి. ఇదంతా మెసేజ్‌లోకి ఎక్కించొద్దు, నోటి మీద ఉంటే చాలు.

వార్షిక నివేదిక వాక్యం ఎందుకంటే, "మా దగ్గరికే ఎందుకొచ్చారు?" అన్నదానికి జవాబు ఉండాలి. లేకపోతే ఊరంతా పంచిన కరపత్రంలా ఉంటుంది. మన దేశంలో కంపెనీల చట్టం 2013 ప్రకారం డైరెక్టర్ల నివేదికలో విద్యుత్ పొదుపు కోసం ఏం చేశారో చెప్పాలి. లిస్టెడ్ కంపెనీ అయితే వార్షిక నివేదిక వాళ్ల వెబ్‌సైట్లోనే దొరుకుతుంది, చివర్లో అనుబంధంగా ఒకటి రెండు పేజీలు ఉంటాయి. అరగంట కూర్చుంటే మీకు కావాల్సిన వాక్యం దొరుకుతుంది. కంప్రెస్డ్ ఎయిర్ ఇప్పటికే అందులో ఉంటే ఇంకా మంచిది, "ఫలానా యూనిట్‌లో చేశారు, ఈ యూనిట్‌లో అయిందా?" అని అడగొచ్చు.

దీనికి బదులు మీ సీనియర్ మాటల మధ్యలో చెప్పిన లోపలి సంగతి వాడాలనిపిస్తుంది. "మూడో కంప్రెసర్ కొనబోతున్నారని తెలిసింది" లాంటిది. రాయనే రాయకండి. ఆ లైన్ చదవగానే ఇంజినీరింగ్ హెడ్ లీకుల గురించి ఆలోచించడు, ఇది బయటికెలా పోయిందని ఆలోచిస్తాడు. ఫార్వర్డ్ చేసిన మనిషి పేరు పైనే ఉంటుంది.

ప్రొడక్ట్ లైన్ల గురించిన మాట నిజానికి మీ సీనియర్ కోసం రాసింది. మందుల ప్లాంట్‌లో ప్రొడక్ట్‌కి తగిలే గాలి లైన్‌లో మార్పు చెయ్యాలంటే చేంజ్ కంట్రోల్ కాగితం నడవాలి, దాని మీద సంతకం పెట్టాల్సింది క్వాలిటీవాళ్లే. ఆయన ఊహించుకునే పీడకల ఏంటంటే, తన జూనియర్ వచ్చి ఎక్కడో ఒక జాయింట్ బిగించడం, మర్నాడు అది ఆడిట్‌లో తేలడం. రెండు నెలలు నాన్చడానికి ఆయన పైకి చెప్పని కారణం ఇదే అయ్యుండొచ్చు. ఆ భయం మీరే ముందుగా తీసేస్తే ఆయన వేలు ఫార్వర్డ్ బటన్ మీదికి తేలిగ్గా వెళ్తుంది. వేరే రంగంలో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, మీ పరిచయస్తుడికి ఏది జరిగితే తలనొప్పో కనుక్కుని ఆ వాక్యాన్ని ఇక్కడ రాసుకోండి.

రేటు రాయొద్దు. బ్రోషర్ జత చెయ్యొద్దు, అడిగినప్పుడు పంపొచ్చు. పాత ప్లాంట్ పేరు వాళ్లు ఒప్పుకుంటేనే రాయండి, లేకపోతే నేను రాసినట్టు "ఒక ఫార్ములేషన్ ప్లాంట్" అనండి. పోటీ కంపెనీ లోపలి మీటర్ రీడింగులు పేరుతో సహా ఊరంతా చెప్పేవాణ్ని తన ప్లాంట్‌లోకి ఎవరు రానిస్తారు? ప్లాంట్ హెడ్, ఇంజినీరింగ్ హెడ్ తెలుగువాళ్లు కాకపోతే, లేదా ఆ ఆఫీసులో అంతా ఇంగ్లీషులోనే నడిస్తే, ఇదే వరసలో ఇంగ్లీషులో రాయండి. పొడవు మాత్రం ఇంతకన్నా పెంచొద్దు.

పంపే దారిలో చిన్న చిన్న గుంతలున్నాయి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తే మీ పేరూ నంబరూ దాంతోపాటు వెళ్లవు, పైన "ఫార్వర్డెడ్" అన్న ముద్ర మాత్రం పడుతుంది. అందుకే సంతకం, నంబరు మెసేజ్ లోపలే ఉండాలి. ఆ ముద్ర గుడ్ మార్నింగ్ బొమ్మల మీద కూడా ఉంటుంది కాబట్టి, కాపీ చేసి పంపమని సీనియర్‌కి చెప్తే ఇంకా శుభ్రంగా ఉంటుంది. పైన ఆయన సొంతంగా ఒక లైన్ రాస్తాడు, రాయనివ్వండి. అది కూడా మీరే రాసిచ్చి ఆయన నోట్లో మాటలు పెట్టకండి. "చాలా సమర్థులు" అని మీరు రాసిస్తే, మీ పని ఎప్పుడూ చూడని ఆయన దాన్ని పంపడానికి సంకోచిస్తాడు, మొత్తం ఆగిపోతుంది.

ఈమెయిల్ అయితే కొత్త మెయిల్‌గా పంపండి, పాత మెయిల్‌కి రిప్లై కొట్టి కాదు. దీనికి నేను మూల్యం చెల్లించాను. బయటికొచ్చిన కొత్తలో ఒక పాత కొలీగ్‌ని పరిచయం అడుగుతూ, మా ఇద్దరి మధ్య నడుస్తున్న పాత మెయిల్ మీదే రిప్లై రాశాను. ఆయన మంచి మనసుతో వెంటనే ఫార్వర్డ్ కొట్టాడు. కింద మూడు నెలల మా కబుర్లన్నీ వేలాడుతున్నాయి. అందులో ఒకచోట, ఎవరికి పంపాడో ఆ పెద్దమనిషి మీటింగులు ఎంతసేపు సాగదీస్తాడో మేం వేసుకున్న జోకు ఉంది. ఆయన నాకు జవాబు ఇవ్వలేదు. మా కొలీగ్ కూడా కొన్నాళ్లు ఇవ్వలేదు.

మెయిల్ సబ్జెక్ట్ కూడా ముందు "Fwd:" చేరాక ఎలా కనిపిస్తుందో చూసుకుని పెట్టండి. "చిన్న సాయం అన్నా" అని పెడితే ఇంజినీరింగ్ హెడ్ ఇన్‌బాక్స్‌లో అదే కనిపిస్తుంది. "కంప్రెస్డ్ ఎయిర్ లీకేజీ, 15 నిమిషాల ఫోన్" అని ఉంటే సరిపోతుంది.

పంపిన తర్వాత ఆగాలి. వారం పది రోజుల దాకా కదలిక లేకపోతే ఒక్కసారి గుర్తు చెయ్యండి: "అన్నా, అది పంపే వీలు కాకపోతే ఫర్వాలేదు, నేను వేరేవాళ్ల ద్వారా ప్రయత్నిస్తాను, నీకు చెప్పకుండా వెళ్లడం బాగుండదని అడుగుతున్నా." ఇందులో బెదిరింపు లేదు, గడువు మాత్రం ఉంది. దీనికీ మౌనమే అయితే ఆ దారి వదిలెయ్యండి, స్నేహం ఉంచుకోండి. ఆయన ఔనో కాదో చెప్పకముందే మీరు ఇంకో ఇద్దరి ద్వారా అదే మనిషికి పంపారనుకోండి, ఇంజినీరింగ్ హెడ్‌కి ఒకే వారంలో మూడు చేతుల మీదుగా ఒకే మెసేజ్ చేరుతుంది. నాకు ఒకసారి అలా చేరింది. చదివిన కొద్దీ పంపినవాడి మీద విశ్వాసం పెరగదు, జాలి వేస్తుంది.

పరిచయం కుదిరితే అదే రోజు జవాబివ్వండి, కుదిరితే గంటలోపు. మెయిల్‌లో మొదటి లైన్‌లో సీనియర్‌కి థాంక్స్ చెప్పి, ఆయన్ని బీసీసీలోకి మార్చి, "రేపు 11కి గానీ ఎల్లుండి సాయంత్రం 4కి గానీ కుదురుతుందా?" అని నేరుగా ఇంజినీరింగ్ హెడ్‌ని అడగండి. అప్పుడు టైమ్ కుదుర్చుకునే పది మెయిళ్లూ సీనియర్ ఇన్‌బాక్స్‌లో పడవు. "మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు" అనకండి, ఆ "ఎప్పుడు" ఎప్పటికీ రాదు.

మాట్లాడిన సాయంత్రమే సీనియర్‌కి రెండు లైన్లు పెట్టండి. "మాట్లాడాను, యుటిలిటీస్ ఆయన నంబరు ఇచ్చారు, వచ్చే షట్‌డౌన్‌లో చూద్దామన్నారు." పని కాకపోయినా పెట్టాలి: "ఇప్పుడు బడ్జెట్ లేదన్నారు, బాగా మాట్లాడారు." పంపినవాడికి ఆ తర్వాత ఏమైందో తెలియకపోతే, క్యాంటీన్‌లో ఇంజినీరింగ్ హెడ్ ఎదురైనప్పుడు ఏం మాట్లాడాలో తెలియక పక్కకి తప్పుకుంటాడు. నాకు పంపినవాళ్లలో చాలామంది ఇలా మొహం చాటేయడం చూశాను.

ఒక్క హెచ్చరిక. పని కుదిరితే సీనియర్‌కి "నీ వాటా" లాంటి మాట పొరపాటున కూడా ఎత్తకండి. ఆయన ఆ కంపెనీ ఉద్యోగి, అదీ మీ పని మీద రేపు సంతకం పెట్టాల్సి రావచ్చు. వెండర్ దగ్గర డబ్బు తీసుకున్నాడంటే ఆయన ఉద్యోగానికే ఎసరు. వెండర్ రిజిస్ట్రేషన్ ఫారంలో "మా సంస్థలో మీకు తెలిసినవారు ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే ఉన్నారని రాయండి, ఆయనకి చెప్పి రాయండి. ఆయన మీకు బంధువు కూడా అయితే ఈ సంగతి ఫార్వర్డ్ మెసేజ్ దగ్గరే తేల్చుకోవాలి, అప్పుడు పరిచయం వేరేవాళ్ల ద్వారా వెళ్లడమే నయం.

మొదటి మెసేజ్ ఆఫీసు టైమ్‌లో పెట్టకండి. ఆదివారం పొద్దున ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడి, "ఇప్పుడే వాట్సాప్‌లో పెడుతున్నా, తీరిగ్గా చూడు" అని రెండూ వెంట వెంటనే పంపండి. సోమవారం ఆయన ప్లాంట్‌కి వెళ్లేసరికి అది ఫోన్‌లో పైనే ఉంటుంది. ఇంజినీరింగ్ హెడ్ అడిగిన ప్రశ్నలకి జవాబు తడుముకుంటున్నారనిపిస్తే, మీ మూడు ప్లాంట్ల అంకెలు ఇక్కడ పెట్టండి, ఏది మెసేజ్‌లోకి పనికొస్తుందో చూసి చెప్తాను.